ఇరవై నాలుగు గంటల నొప్పి: మందు ఎప్పుడు, కత్తి ఎప్పుడు

ఉండుకం, అంటే అపెండిక్స్, వాచే జబ్బైన అపెండిసైటిస్‌కు మన ఊళ్లలో ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక రోజు తిరిగేలోగా ఆపరేషన్ చేయించకపోతే ఉండుకం పగిలి ప్రాణం మీదికి వస్తుందన్న భయం నుంచి పుట్టిన పేరు అది. యాంటిబయాటిక్స్ లేని రోజుల్లో ఆ భయానికి కారణం ఉంది. అయితే ఇప్పుడు వైద్యులు ముందుగా అడిగే ప్రశ్న నొప్పి మొదలై ఎన్ని గంటలైందని మాత్రమే కాదు, లోపల ఉండుకం ఏ స్థితిలో ఉందని.

ఉండుకం పెద్దపేగు మొదట్లో, ఒక చివర మూసుకుపోయి వేలాడే సన్నని గొట్టం. దాని నోరు మూసుకుపోయినప్పుడు లోపల స్రావాలు నిలిచి, సూక్ష్మజీవులు పెరిగి, గోడ వాస్తుంది. ఆ వాపును వదిలేస్తే చివరికి ప్రతి ఉండుకమూ పగిలి తీరుతుందని చాలా కాలం నమ్మారు. ఇప్పుడు ఆ నమ్మకం సడలింది. కొన్ని తొలి గంటల్లోనే కుళ్లి చిల్లు పడతాయి, మరికొన్ని వాచి తమంతట తామే తగ్గుతాయి. ఫిన్లండ్, నార్వే ఆసుపత్రులలో సుమారు 1,800 మంది మీద జరిగి 2023లో వెలువడిన పరిశీలనలో, సాధారణ అపెండిసైటిస్ అని తేలిన వారిలో కొందరికి 8 గంటలలోపు, మరికొందరికి 24 గంటలలోపు ఆపరేషన్ చేయాలని నిర్ణయించారు. చిల్లు పడినవి మొదటి వర్గంలో 8 శాతం, రెండో వర్గంలో 9 శాతం. వీరంతా ఆసుపత్రిలో, వైద్యుల కళ్ల ముందు ఉన్నవారని మాత్రం మరిచిపోకూడదు. ఇంట్లో పడుకుని ఎదురుచూసేవారికి ఈ లెక్క వర్తించదు.

అసలు కత్తి పెట్టకుండానే నయం చేయవచ్చా అన్నది కూడా ఫిన్లండ్‌లోనే గట్టిగా పరీక్షించారు. 2009, 2012 సంవత్సరాల మధ్య ఆరు ఆసుపత్రులలో 530 మంది పెద్దలను రెండు వర్గాలుగా విభజించి, ఒకరికి ఆపరేషన్, మరొకరికి యాంటిబయాటిక్స్ మాత్రమే ఇచ్చారు. మూడు రోజులు రక్తనాళం ద్వారా ఎర్టాపెనమ్, తరువాత ఏడు రోజులు లెవోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ మాత్రలు. మందులు తీసుకున్నవారిలో ఏడాదిలోగా 27 శాతం మందికి, ఐదేళ్లలోగా 39 శాతం మందికి ఉండుకం తీయాల్సి వచ్చింది. అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురు ఐదేళ్లయినా ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. ఆలస్యంగా ఆపరేషన్ అయినవారిలో ఎవరికీ కడుపులో చీముగడ్డ ఏర్పడలేదు కనుక, మందులు ప్రయత్నించి విఫలం కావడం వల్ల పెద్ద నష్టం జరగలేదని చెప్పవచ్చు.

ఈ ఫలితాన్ని చదివేటప్పుడు అధ్యయనంలోకి ఎవరిని రానివ్వలేదో చూడడం ముఖ్యం. స్కాన్‌లో చిల్లు, చీముగడ్డ, కణితి అనుమానం ఉన్నవారినే కాక, ఉండుకంలో రాయి ఉన్నవారిని కూడా పక్కన పెట్టారు. గట్టిపడిన మలం చుట్టూ లవణాలు చేరి ఏర్పడే ఈ రాయిని అపెండికోలిత్ అంటారు. అది నోటికి అడ్డుపడి ఉన్నంతకాలం మందు వాపును తగ్గించగలదు కానీ అడ్డును తొలగించలేదు. అమెరికాలో 2020లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో రాయి ఉన్నవారినీ చేర్చుకున్నారు. మందులు తీసుకున్నవారిలో 90 రోజులలోపు ఆపరేషన్ అవసరమైనవారు రాయి లేనివారిలో 25 శాతం, రాయి ఉన్నవారిలో 41 శాతం. ఒక్క రాయి రోగి భవిష్యత్తును ఇంతగా మారుస్తుంది కాబట్టి, కేవలం చేతితో నొక్కి చూసి మందుల కోర్సు మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. 34 ఏళ్ల మెకానిక్‌కు ముందురోజు సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లవారేసరికి కుడివైపు పొత్తికడుపులోకి జారింది. వాంతి అయింది, కొద్దిగా జ్వరం ఉంది, తెల్ల రక్తకణాలు 14,000. సీటీ స్కాన్‌లో ఉండుకం వెడల్పు 11 మిల్లీమీటర్లు. 6 దాటితే అనుమానించాల్సిందే. చిల్లు లేదు, చీము లేదు, రాయి లేదు. ఇతనికి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మందుల దారి ఎంచుకుంటే ఆసుపత్రిలోనే ఇంజెక్షన్లతో మొదలుపెట్టి, ఒకటి రెండు రోజులలో నొప్పి, నాడి, జ్వరం తగ్గుముఖం పడుతున్నాయా, ఆహారం నిలుస్తోందా అని చూస్తారు. తగ్గకపోయినా, పెరిగినా ఆపరేషన్‌కు మారతారు. అదే వ్యక్తి నెల తిరగకుండా గల్ఫ్‌లో ఎడారి మధ్య ఉద్యోగానికి వెళ్లాల్సి ఉంటే, నొప్పి తిరిగి వచ్చినప్పుడు సర్జన్ దొరకని చోట ఉంటాడు కాబట్టి, లాప్రోస్కోపీతో ఇప్పుడే తీయించుకోవడం మేలని నా అభిప్రాయం. స్కాన్‌లో రాయి కనిపించి ఉంటే ఆ సలహా మరింత బలపడేది.

చిల్లు పడి చీము కడుపంతా వ్యాపించినవారికి ఇటువంటి ఎంపిక ఉండదు. వెంటనే ఆపరేషన్ చేయాలి. ఇక్కడ చాలామందిని మోసం చేసే లక్షణం ఒకటుంది. తీవ్రంగా ఉన్న నొప్పి ఒక్కసారిగా తగ్గినట్లనిపించి, కొన్ని గంటల తరువాత కడుపంతా పాకి, పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది. నడుమ వచ్చిన ఆ ఊరట నయమవడం కాదు, లోపలి ఒత్తిడి విడుదల కావడం. మందుల షాపులో కొన్న నొప్పి బిళ్లలతో, రెండు రోజుల యాంటిబయాటిక్‌తో ఇంట్లో ఉన్నవారు ఈ ఘట్టంలోనే ఎక్కువ పొరబడతారు.

ఇక పెద్దపేగులోనే వచ్చే మరో వాపు జబ్బు డైవర్టిక్యులైటిస్ సంగతి వేరు. రక్తనాళాలు పెద్దపేగు కండరంలోకి చొచ్చుకుపోయే బలహీనమైన చోట్ల లోపలి పొర చిన్న తిత్తులుగా బయటికి పొడుచుకు వస్తుంది. వాటిలో ఒకటి వాచినప్పుడు, తిత్తులు తరచుగా ఎడమవైపు చివరి భాగంలో ఉంటాయి కాబట్టి, నొప్పి ఎడమ పొత్తికడుపులో తెలుస్తుంది. ఆసియా ప్రజలలో కుడివైపు తిత్తులు ఎక్కువగా కనిపిస్తాయి. అవి వాస్తే అచ్చం అపెండిసైటిస్‌లాగే ఉంటుంది, స్కాన్ లేకుండా తేడా చెప్పడం కష్టం.

అపెండిసైటిస్‌లో ఆపరేషన్‌కు బదులు యాంటిబయాటిక్ చాలునా అని వాదిస్తూ ఉంటే, ఇక్కడ ఆ యాంటిబయాటిక్ అయినా అవసరమా అనే వరకు వచ్చింది. స్వీడన్, ఐస్‌లాండ్‌లలో 623 మందిపై జరిగి 2012లో వెలువడిన పరీక్షలో, చిల్లూ చీమూ లేని వాపు మందులు ఇచ్చినా ఇవ్వకున్నా దాదాపు ఒకే వేగంతో తగ్గింది. ఇది రోగనిరోధక శక్తి తగ్గినవారికి, గర్భిణులకు, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిన లక్షణాలు ఉన్నవారికి వర్తించదు. స్టెరాయిడ్లు వాడేవారిలో చిల్లు పడినా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కాబట్టి వారి విషయంలో మరింత అనుమానంతో ఉండాలి.

చీముగడ్డ ఏర్పడితే దాని పరిమాణం చూస్తారు. మూడు నాలుగు సెంటీమీటర్లలోపు ఉంటే యాంటిబయాటిక్స్‌తోనే తరచుగా కరుగుతుంది. అంతకు మించితే స్కాన్ చూస్తూ చర్మం గుండా సన్నని గొట్టం పెట్టి చీము తీస్తారు. చీము లేదా మలం కడుపులోకి చిందితే మాత్రం వెంటనే కడుపు తెరిచి ఆ పేగు ముక్కను తీసేయాలి. రోగి స్థితి బాగాలేకపోతే తెగిన చివరలను అప్పుడే కుట్టకుండా, పై చివరను పొట్ట గోడకు తెచ్చి సంచి తగిలిస్తారు. వాపు పేగును, మూత్రాశయాన్ని కలిపి దారి చేస్తే మూత్రంతో గాలి బుడగలు పోతాయి. అదీ ఆపరేషన్‌కే దారితీసే కారణం.

డైవర్టిక్యులైటిస్ మందులతో తగ్గినవారికి ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత, పెద్దపేగు లోపలిని కెమెరా గొట్టంతో చూసే కొలనోస్కోపీ సాధారణంగా సూచిస్తారు. వాపుతో మందంగా కనిపించిన పేగు గోడలో క్యాన్సర్ దాగి ఉండవచ్చునన్నది దానికి కారణం, ఎందుకంటే స్కాన్‌లో ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. నలభై దాటినవారిలో ఉండుకం చుట్టూ చీముగడ్డ కట్టి మందులతో తగ్గినప్పుడు కూడా ఇదే అనుమానం ఉంటుంది. వారికి తరువాత ఉండుకం తీయించమని చెప్పడం వాపు తిరిగి వస్తుందన్న భయంతో మాత్రమే కాదు, లోపల కణితి ఉండే అవకాశం ఉందన్న జాగ్రత్తతో కూడా.