వాట్సాప్‌లో స్క్రీన్ షేరింగ్: అవతల తెర నల్లబడితే అది ఫోన్ లోపం కాదు

హనుమకొండలో నేను నడిపే సెల్‌ఫోన్ సర్వీసింగ్ దుకాణానికి, ఫోన్‌లో ఏ లోపమూ లేకుండానే వచ్చేవాళ్ళు కొందరుంటారు. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు వాట్సాప్ వీడియో కాల్‌లో వీళ్ళ తెర చూస్తూ ఒక్కొక్క మెట్టూ చెబుతుండగా, సరిగ్గా డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి అతనికి అంతా నల్లగా కనిపించిందని, డిస్‌ప్లే పోయిందేమో చూడమని అడుగుతారు. వీడియో కాల్‌లో తెరను పంచుకునే వీలు వాట్సాప్‌లో 2023 ఆగస్టు నుంచి ఉంది. దాని చుట్టూ పేరుకున్న అపోహలలో ఈ నల్లతెరకు సంబంధించినదే అన్నిటికంటే పెద్దది కనుక దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: తెర పంచుకుంటే అవతలివాళ్ళు మన ఫోన్‌ను నడపగలుగుతారు.

నడపలేరు. వాట్సాప్‌లో వెళ్ళేది తెర బొమ్మ మాత్రమే; అవతలివారు ఎక్కడ నొక్కినా ఇటువైపు ఏమీ కదలదు. ఫోన్‌ను దూరం నుంచి నడిపించే రిమోట్ యాప్‌లు వేరే ఉన్నాయి. అలాంటి యాప్ వేయించి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, కన్నకొడుకుకు కూడా తెర చూపించడానికి భయపడేవాళ్ళను నేను చూశాను. అయితే చూడటం ఒక్కటే కదా అని తేలికగా తీసుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే ఓటీపీ దొంగిలించేవాడికి చూపు ఒక్కటే చాలు.

అపోహ: తెర నల్లబడితే నెట్ పోయినట్టు, లేదా డిస్‌ప్లే చెడిపోయినట్టు.

దీన్ని మా ఇంట్లో జరిగిన సంగతితోనే చెబుతాను. నర్సంపేటలో ఉండే మా చిన్నమ్మకు కరెంటు బిల్లు ఫోన్‌లోనే కట్టుకోవడం నేర్పడానికి మొన్న వీడియో కాల్ చేశాను. కాల్ ఎత్తగానే అలవాటు కొద్దీ ఫోన్ చెవికి ఆనించుకుంది, నాకు ఆమె చెవి కమ్మ తప్ప మరేమీ కనిపించలేదు. స్పీకర్‌లోనే మాట వినిపిస్తుందని చెప్పి, ఫోన్‌ను బల్ల మీద పెట్టించాను. కాల్ తెరపై Share screen అనే గుర్తు కొన్ని ఫోన్లలో కింది వరుసలోనే ఉంటుంది, కొన్నింటిలో మూడు చుక్కలు నొక్కితే వస్తుంది. అది నొక్కాక ఆండ్రాయిడ్ ఒకసారి అనుమతి అడుగుతుంది. కొత్త ఫోన్లలో అక్కడే ఒక్క యాప్‌ను మాత్రమే చూపించాలా, తెర మొత్తం చూపించాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఒక్క యాప్ ఎంచుకుంటే భద్రత ఎక్కువే, కానీ బిల్లు చూపే యాప్ నుంచి డబ్బు కట్టే యాప్‌కు మారినప్పుడు ఆ రెండో యాప్ మనకు కనిపించదు. చిన్నమ్మ ఫోన్‌లో ఈ రెండు యాప్‌లూ వేరు కనుక తెర మొత్తం పంచుకోమన్నాను.

ఆమె బిల్లు కాగితంపై ఉన్న యూనిక్ సర్వీస్ నంబర్‌ను ఒక్కొక్క అంకె పైకి చదువుతూ కొట్టింది. నంబర్ కొట్టాక వచ్చిన పేరు చిన్నాయనదేనా, బిల్లు మొత్తం కాగితం మీది మొత్తమేనా అని ఇద్దరం సరిచూసుకున్నాం. అక్కడి నుంచి యూపీఐ యాప్‌కు వెళ్ళి పిన్ కొట్టే పేజీ తెరుచుకోగానే నా వైపు తెర నల్లబడింది, ఆమె వైపు మాత్రం అంకెల పలక మామూలుగానే ఉంది.

"నల్లగైంది చిన్నమ్మా, నాకేం కనబడతలేదు" అన్నాను.

"నాకైతే మంచిగనే కనబడుతుంది బిడ్డా" అంది.

ఈ రెండు మాటలలోనే రోగనిర్ణయం ఉంది. డిస్‌ప్లే పోతే ఆమెకు కనిపించకూడదు. నెట్ పోతే మాట కూడా తెగిపోవాలి, లేదా చివరి బొమ్మ కదలకుండా నిలిచిపోవాలి. మాట స్పష్టంగా వినిపిస్తూ, ఆమెకు పేజీ కనిపిస్తూ, నాకు మాత్రమే నల్లబడిందంటే, ఆ పేజీని బయటికి చూపించవద్దని యాప్ తయారుచేసినవాళ్ళు ఫోన్‌కు ముందే చెప్పి ఉంచారన్న మాట. స్క్రీన్‌షాట్ తీయబోతే కుదరదని చెప్పేదీ ఈ ఏర్పాటే. కొన్ని బ్యాంకు యాప్‌లు ఇంకా కఠినంగా ఉండి, తెర పంచుకుంటున్నట్టు తెలిస్తే అసలు తెరుచుకోవు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. ఈ నల్లతెర వాట్సాప్ ఇచ్చే రక్షణ కాదు, ఆ యాప్ కోరుకున్నది. కోరుకోని చోట తెర నల్లబడదు. బ్రౌజర్‌లో కార్డు వివరాలు నింపే పేజీలు చాలావరకు యథాతథంగా అవతలికి కనిపిస్తాయి, కార్డు నంబరూ వెనక వైపున్న మూడంకెలూ సహా. అందుకే నేను నల్లతెర మీద ఆధారపడను. ఇప్పుడైతే డబ్బు కట్టే పేజీకి ముందే Stop sharing నొక్కించి, ఎవరికి, ఎంత అన్నది మాత్రం పైకి చదివించుకుని, పిన్ మౌనంగా కొట్టమంటాను. చిన్నమ్మ పిన్ నాకు ఈ రోజుకూ తెలియదు.

అపోహ: ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కనుక ఏమి చూపించినా ఫరవాలేదు.

ఎన్‌క్రిప్షన్ ఉన్నమాట నిజమే, మధ్యలో ఎవరూ చూడలేరు. కానీ అది దారికి వేసిన తాళం, చివరన కూర్చుని చూస్తున్న మనిషికి వేసినది కాదు. అతను మరో ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. తెర మొత్తం పంచుకున్నప్పుడు పైనుంచి జారే నోటిఫికేషన్లు కూడా వెళతాయి. ఆండ్రాయిడ్ 15 నుంచి నోటిఫికేషన్‌లోని ఓటీపీని పంచుకునే సమయంలో దాచే ఏర్పాటు వచ్చింది గానీ, మా దుకాణానికి పెద్దవాళ్ళు తెచ్చే ఫోన్లలో చాలావరకు పాత ఆండ్రాయిడ్‌వే. తెలియని నంబరుతో తెర పంచుకోబోతే హెచ్చరిక చూపిస్తామని 2025 అక్టోబరులో వాట్సాప్ ప్రకటించింది. బ్యాంకు నుంచి అంటూ ఎవరైనా వీడియో కాల్ చేసి తెర చూపించమంటే, ఆ హెచ్చరిక వచ్చినా రాకపోయినా కాల్ కట్ చేయాలి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

అపోహ: తెర కనిపిస్తే చాలు, నేర్పడం సులువే.

నేర్పేవారికి అవతలి వేలు కనిపించదు, నొక్కిన తర్వాత మారిన తెర మాత్రమే, అదీ కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ ఆలస్యాన్ని తట్టుకోలేక మళ్ళీ నొక్కమంటే రెండు సార్లు నొక్కడం జరుగుతుంది. కుడి, ఎడమ అనకుండా "అన్నం తినే చెయ్యి దిక్కు, కింద, ఆకుపచ్చ పట్టీ" అంటే చిన్నమ్మ వేలు తడుముకోకుండా వెళ్ళింది. ఒకసారి ఎంత చెప్పినా ముందుకు వెళ్ళే బటన్ ఆమెకు దొరకలేదు. అక్షరాలు పెద్దవి పెట్టుకోవడం వల్ల అది తెర కిందికి జారిపోయింది, పేజీని పైకి తోస్తే వచ్చింది. వీడియో కాల్ చిన్న గడిగా తెరమీద తేలుతూ బటన్‌ను కప్పేయడమూ ఉంటుంది, దాన్ని వేలితో పక్కకు లాగాలి.

కెమెరా అవసరమైన యాప్‌లకు మరో చిక్కు ఉంది. వీడియో కాల్ కెమెరాను పట్టుకుని ఉంటే ముఖం చూపించాల్సిన యాప్‌కు అది అందకపోవచ్చు. అలాంటప్పుడు కాల్‌లో వీడియోను ఆపించాలి, అప్పటికీ కాకపోతే కాల్ పెట్టేసి ఆ ఒక్క మెట్టూ వాళ్ళనే చేసుకోమనాలి. కాల్ పెట్టేస్తే పంచుకోవడం కూడా దానంతట అదే ఆగిపోతుంది. హోమ్ బటన్ నొక్కితే మాత్రం ఆగదు. బిల్లు కట్టడం అయ్యాక చిన్నమ్మ హోమ్ నొక్కి, అయిపోయిందనుకుని మనవరాలి ఫొటోలు చూస్తూ కూర్చుంది. వాటిలో మూడు నేను కూడా చూశాక, కాల్ ఇంకా నడుస్తోందని చెప్పి పెట్టేయించాను.