పోస్టింగ్ లేని ఉద్యోగానికి మేనేజర్‌కి మెయిల్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక పేమెంట్స్ కంపెనీలో తొమ్మిది మంది బ్యాకెండ్ టీమ్‌ని చూస్తుంటాను. టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలనేది నా చేతిలో ఉంటుంది. జీతం బేరం, కాగితాలు హెచ్‌ఆర్ చూసుకుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి "మీ దగ్గర ఏమైనా ఖాళీ ఉందా సర్" అనే మెయిళ్లు వారానికి పది పదిహేను వస్తాయి, నిజం చెప్పాలంటే వాటిలో చాలావాటికి జవాబివ్వను. పొగరు కాదు. ఆ మెయిల్‌లో నేను జవాబు చెప్పగలిగే ప్రశ్న ఉండదు, అంతే.

అపోహ: కెరీర్స్ పేజీలో లేదంటే ఖాళీ లేనట్టే. ఉందని ఎవరైనా అంటే అది బ్యాక్‌డోర్.

మా టీమ్‌లో జరిగిందే చెప్తా. ఓ సోమవారం పొద్దున మా టెస్టర్ వచ్చి "అన్నా, ఓ ఐదు నిమిషాలు మాట్లాడాలి" అన్నాడు. ఆ మాట వినగానే ఏ మేనేజర్‌కైనా సంగతి తెలిసిపోతుంది. రాజీనామా, 60 రోజుల నోటీసు. ఆ నిమిషం నుంచి నా దగ్గర ఖాళీ ఉంది, కానీ కంపెనీ లెక్కలో లేదు. ఆ చోటు ఉంచాలా ఎత్తేయాలా అని డైరెక్టర్ ఆలోచించాలి, ఫైనాన్స్ వాళ్లు సరేననాలి, హెచ్‌ఆర్ సిస్టమ్‌లో మనిషి కావాలని రిక్విజిషన్ తెరవాలి, ముందు మా కంపెనీలోనే వేరే టీమ్‌లవాళ్లకి చూపించాలి, అప్పుడుగానీ బయట పేజీలో కనపడదు. ఆసారి దీనంతటికీ నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాలూ పోయేవాడి పని ఎవరికి అప్పజెప్పాలా అని నేను టెన్షన్ పడుతూనే ఉన్నా. బయట పోస్టింగ్ పడ్డాక వందల రెజ్యూమేలు వచ్చి పడతాయి, మీది ఏ మూలన ఉంటుందో నాకూ తెలియదు. మీ మెయిల్ రావాల్సింది ఆ నాలుగు వారాల్లోనే.

ఆ సమయం మీకెలా తెలుస్తుంది? తెలియదు. అందుకే "ఇప్పుడు ఖాళీ ఉందా" అని కాకుండా "వచ్చే రెండు మూడు నెలల్లో అవసరం పడొచ్చా" అని అడగాలి. మొదటిదానికి చాలాసార్లు లేదనే చెప్పాల్సి వస్తుంది, రెండోది అడిగితే ఉన్నమాట చెప్పొచ్చు.

ఇక బ్యాక్‌డోర్ సంగతి. హైదరాబాద్‌లో ఆ మాటకి అర్థం ఏంటో అందరికీ తెలుసు: కన్సల్టెన్సీ పేరుతో లక్షలు తీసుకోవడం, దొంగ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టడం. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇక్కడ ఎవరూ రూపాయి అడగరు, ఒక్క రౌండ్ కూడా తగ్గదు. మెయిల్ వల్ల దొరికేది మేనేజర్ రెండు నిమిషాలు మీ గురించి ఆలోచించడం మాత్రమే.

అన్నిచోట్లా ఇది పనిచేస్తుందనీ అనను. పెద్ద సర్వీసెస్ కంపెనీల్లో ప్రాజెక్టుకి మనిషి కావాలంటే ముందు బెంచ్ మీద ఎవరున్నారో చూస్తారు, మేనేజర్‌కి మీరు నచ్చినా అతని చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఫ్రెషర్లని క్యాంపస్‌లో గంపగుత్తగా తీసుకునేచోట కూడా అంతే. ప్రభుత్వ ఉద్యోగాల గురించైతే మాట్లాడక్కర్లేదు, నోటిఫికేషన్ లేకుండా ఏదీ ఉండదు. ప్రొడక్ట్ కంపెనీలు, చిన్నా మధ్యతరహా స్టార్టప్‌లు, టీమ్ మేనేజరే మనిషిని ఎంచుకునే చోట్లు, అక్కడే దీనికి విలువ.

అపోహ: మెయిల్ ఎంత వివరంగా ఉంటే అంత మంచిది.

మెయిళ్లు నేను చూసేది ఎక్కువగా ఫోన్లోనే, రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసుకి నడిచేటప్పుడు. స్క్రీన్ మీద కనపడేది పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్‌లో మొదటి ఐదారు మాటలు, కింద మెయిల్‌లోని మొదటి లైను. ఆ మొదటి లైనులో "రెస్పెక్టెడ్ సర్, ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ" అని ఉంటే, నాకు కనపడేది అంతే. సబ్జెక్ట్ "అప్లికేషన్ ఫర్ సూటబుల్ పొజిషన్". ఇక తెరవడానికి కారణమేముంది?

పైన చెప్పిన రాజీనామా తర్వాత రెండో వారంలో ఒకమ్మాయి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఇంగ్లిష్‌లో రాసింది, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: రీఫండ్ టెస్టింగ్, 4 ఏళ్లు, మీ టీమ్‌లో అవసరం ఉందా?
>
> నమస్తే అండీ. రీఫండ్‌లు రెండుసార్లు పడటం గురించి మీరు మీటప్‌లో చెప్పింది విన్నాను. మా ప్రాజెక్టులోనూ అదే ఇబ్బంది: గేట్‌వే ఒకే కాల్‌బ్యాక్‌ని రెండోసారి పంపితే లెడ్జర్‌లో రెండు ఎంట్రీలు పడేవి. కాల్‌బ్యాక్‌లని కావాలనే రెండుసార్లు, వరస మార్చి పంపే టెస్టులు రాశాను. రిలీజ్‌కి ముందే మూడు చోట్ల ఆ తప్పు బయటపడింది. జావా, రెస్ట్ అష్యూర్డ్ మీద నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను.
>
> వచ్చే రెండు మూడు నెలల్లో మీ టీమ్‌లో టెస్టింగ్‌కి మనిషి అవసరం పడొచ్చా? నా నోటీసు 60 రోజులు. అవసరముంటే రెజ్యూమే పంపుతాను.

అంతే. ఇందులో "హార్డ్ వర్కింగ్", "ప్యాషనేట్" లాంటివి ఒక్కటీ లేవు. "వరస మార్చి" అన్న రెండు మాటల దగ్గర నేను నడక ఆపి నిలబడ్డాను, ఎందుకంటే ఒకే కాల్‌బ్యాక్, అంటే గేట్‌వే పంపే కబురు, రెండుసార్లు రావడం అందరికీ తోస్తుంది, కానీ రీఫండ్ అయిందన్న కబురు అసలు పేమెంట్ అయిందన్న కబురు కంటే ముందు రావడమనేది ఆ పని చేసి దెబ్బ తిన్నవాళ్లకే తెలుస్తుంది. మేం అప్పటికి ఆ కేసుతోనే కుస్తీ పడుతున్నాం. రెజ్యూమేలో ఇదే పని "టెస్టెడ్ పేమెంట్ మాడ్యూల్స్" అని ఒక లైనుగా ఉంటుంది, దాన్ని చూస్తే నాకేమీ తెలియదు.

ఇంకోటి గమనించండి, క్లయింట్ పేరు ఎక్కడా రాయలేదు. కొందరు గొప్పగా ఉంటుందని క్లయింట్ బ్యాంకు పేరూ, లోపలి సిస్టమ్ పేర్లూ, ఒక్కోసారి డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్లూ పెడతారు. రేపు మా సంగతులూ ఇలాగే ఎవరికో పంపుతారని నాకు అనిపించదా? ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి పంపడం కూడా అలాంటిదే, మీ కంపెనీ చూస్తుంది.

నోటీసు ఎన్ని రోజులో చెప్పడం మనదేశంలో చాలా ముఖ్యం. మా టెస్టర్ 60 రోజుల్లో వెళ్లిపోతున్నాడు, వచ్చే మనిషికి 90 రోజులంటే మధ్యలో పని ఎవరు చూడాలన్న లెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. జీతం మాత్రం మొదటి మెయిల్‌లో వద్దు, అది నేను తేల్చేది కాదు.

ఆమె చేసిన పొరపాటు ఒక్కటే, రెజ్యూమే అప్పుడే పెట్టేయాల్సింది. దానికోసం ఇంకో మెయిల్ రాయాల్సి వచ్చింది. ఒక్క పీడీఎఫ్ చాలు. జిప్ ఫైళ్లని మా సెక్యూరిటీ ఫిల్టర్ పట్టేసుకుంటుంది, అవి నాదాకా రావు.

అపోహ: పెద్దవాళ్లకి రాస్తే పని త్వరగా అవుతుంది.

సీటీఓకి రాస్తే మహా అయితే హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ అవుతుంది. హెచ్‌ఆర్‌కి రాస్తే తెరిచిన రిక్విజిషన్లతో పోల్చి చూస్తారు, వాళ్ల పనే అది; తెరవని దాని సంగతి వాళ్లకింకా తెలియదు. మీరు చేరితే ఎవరికి రిపోర్ట్ చేస్తారో ఆ మనిషికే రాయాలి. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ ఇంజినీరింగ్ మేనేజర్లని చూసి, వాళ్ల టీమ్ ఏం చేస్తుందో మీటప్ వీడియోల్లోనో కంపెనీ ఇంజినీరింగ్ వ్యాసాల్లోనో వెతకండి. గంటసేపు పట్టే పని. గంట వెతికినా ఆ టీమ్ ఏం చేస్తుందో దొరకలేదంటే అక్కడికి రాయకండి, రాసినా ఎవరికైనా పంపగలిగేదే రాస్తారు.

అడ్రస్ చాలాచోట్ల `firstname.lastname` పద్ధతిలోనే ఉంటుంది. తప్పయితే మెయిల్ సాధారణంగా `550 5.1.1` అనే ఎర్రర్‌తో వెనక్కొస్తుంది. అలా రాలేదు కదాని చేరిందనుకోకండి, కొన్ని కంపెనీల సర్వర్లు ఏ పేరుకి వచ్చిన మెయిల్‌నైనా తీసేసుకుంటాయి. పర్సనల్ నంబర్ సంపాదించి వాట్సాప్ చేయడం మాత్రం వద్దు. ఆదివారం భోజనం మధ్యలో "హాయ్ సర్" అని వచ్చినవాళ్లకి ఇప్పటిదాకా నేను జవాబివ్వలేదు.

అపోహ: వంద మందికి పంపితే ఒక్కరైనా పలుకుతారు.

మా టీమ్‌లో నలుగురికి ఒకే మెయిల్ వస్తే మాకు తెలుస్తుంది, మేం పక్కపక్కనే కూర్చుంటాం. పైగా మెయిల్ చూస్తేనే తెలిసిపోతుంది. "హాయ్" పక్కన నా పేరు ఒక సైజు అక్షరాల్లో, మిగతాదంతా ఇంకో సైజులో ఉంటుంది. వారానికి ముగ్గురికో నలుగురికో రాయండి, ఒక్కో టీమ్‌కి ఒక్కొక్కరికే.

అపోహ: జవాబు రాకపోతే వద్దన్నట్టే. లేదా, వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.

రెండూ కాదు. పది రోజులాగి అదే థ్రెడ్‌లో ఒక్కసారి రాయండి, రెండు లైన్లు, ఏదైనా కొత్త సంగతి ఉంటే ఇంకా మంచిది. దానికీ జవాబు లేకపోతే వదిలేయండి, ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు. "జస్ట్ ఫాలోయింగ్ అప్" అని మూడు రోజులకోసారి వచ్చేవాటికి నేను ఫిల్టర్ పెట్టేశాను.

ఆ అమ్మాయికి మొదటిరోజే జవాబిచ్చాను: అప్రూవల్ ఇంకా రాలేదు, రెండు మూడు వారాల్లో తెలుస్తుంది, రెజ్యూమే పంపండి అని. పంపింది, ఆ తర్వాత చప్పుడు లేదు. పదహారు రోజులకి ఒక్క లైను రాసింది, నోటీసు ఇంకా పెట్టలేదు, ఏమైనా తెలిసిందా అని. ఈలోపు మా చోటులోకి పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఒకతన్ని మార్చేశారు, నా చేతిలో ఏమీ మిగల్లేదు. కానీ సెటిల్‌మెంట్ టీమ్ మేనేజర్ కొత్తగా ఇద్దరిని అడుగుతున్నాడని తెలుసు. ఆమె మొదటి మెయిల్‌నే పైన "చూడు" అని ఒక్క మాట రాసి అతనికి ఫార్వర్డ్ చేశా. అది పెద్ద మెయిలై ఉంటే నేను సారాంశం రాసి పంపాల్సి వచ్చేది, రాసేవాణ్ని కాదు. టీ తాగుతూ అతను చదివేసి "ఎవరు ఈ అమ్మాయి" అని అడిగాడు. ఆ తర్వాత అందరిలాగే నాలుగు రౌండ్లు, మూడోదాంట్లో కోడింగ్ సరిగ్గా రాలేదని మళ్లీ పెట్టారు కూడా. ఇప్పుడు మా వరసకి రెండు వరసల అవతల కూర్చుంటుంది.