పొద్దునకల్లా పైకెక్కే పీహెచ్

"రాత్రి ద్రావణం పీహెచ్ 5.8కి తెచ్చి పడుకున్నాను. పొద్దున చూస్తే 7 దాటింది. మీటరు పాడైందా?" మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్ కొత్తగా మొదలుపెట్టిన ఒక పాఠకుడి ప్రశ్న ఇది. మీటరు బాగానే ఉంది. పోషకాలు కలపక ముందు ఆ నీళ్లలో ఏముందో ఆయన పూర్తిగా చూడలేదు, అంతే.

గ్లాసుడు వేడినీళ్లలోనూ గంగాళం వేడినీళ్లలోనూ థర్మామీటరు పెడితే ఒకే అంకె రావచ్చు. చల్లార్చబోతే తెలుస్తుంది తేడా. గ్లాసుకు చెంబుడు చన్నీళ్లు చాలు, గంగాళానికి బిందెలు కావాలి. పీహెచ్ మీటరు ఆ థర్మామీటరు లాంటిది. ఎంత ఆమ్లం పోస్తే పీహెచ్ దిగుతుందో చెప్పేది వేరే కొలత, క్షారత. నీళ్లలో అది చాలావరకు బైకార్బనేట్ రూపంలో ఉంటుంది. 7.6 చూపించే రెండు నీళ్లలో ఒకటి గ్లాసు కావచ్చు, ఇంకొకటి గంగాళం కావచ్చు.

ఆమ్లం పోయగానే జరిగేది ఇది:

HCO₃⁻ + H⁺ → CO₂ + H₂O

పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కాసేపు నీళ్లలోనే కరిగి ఉండి పీహెచ్‌ని కిందికి పట్టి ఉంచుతుంది. రాత్రంతా గాలి పంపు బుడగలు వదులుతుంటే, మూత తీసిన సోడాలోంచి పోయినట్టు ఆ వాయువు పోతుంది. 5.8 దగ్గర ఇంకా అయిదో వంతుకు పైగా బైకార్బనేట్ మిగిలే ఉంటుంది కదా, దాన్ని ఎదిరించే వాయువు లేకపోయేసరికి పీహెచ్ మళ్లీ పైకెక్కుతుంది.

బడిలో మనకు కఠిన జలం అంటే సబ్బు నురగ రాని నీళ్లని చెప్పి వదిలేశారు. తాత్కాలిక కాఠిన్యం, శాశ్వత కాఠిన్యం అని బట్టీ పట్టించారు గానీ, అందులో కాల్షియం ఒక కథ, బైకార్బనేట్ ఇంకో కథ అని విడదీయలేదు. అక్వేరియం వాళ్లు వాడే చుక్కల కిట్ ఆ పని చేస్తుంది. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియం. కేహెచ్ అంటే బైకార్బనేట్. 5 మిల్లీలీటర్ల నీళ్లలో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. మామూలు కిట్లలో ఒక్కో చుక్క, కాల్షియం కార్బనేట్ లెక్కలో, లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాములకు సమానం.

మన పాఠకుడి నీళ్లకు జీహెచ్ 17 చుక్కలు, కేహెచ్ 14 చుక్కలు పట్టాయి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే విద్యుత్ వాహకత, అంటే ఈసీ, 0.8. కేహెచ్ అంటే లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు, గంగాళమే. 20 లీటర్ల ఈ నీళ్లను 5.8కి దించాలంటే 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం సుమారు 5 మిల్లీలీటర్లు కావాలి. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ దానితో లీటరుకు 120 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ వచ్చి చేరుతుంది. ఆకుకూరల ద్రావణాల్లో సాధారణంగా ఉండేది 30 నుంచి 60. పీహెచ్ దించబోయి ఎరువు వేసేశామన్నమాట! మర్నాడు మళ్లీ ఎక్కిందని ఇంకొంచెం పోస్తే అది ఇంకా పెరుగుతుంది. (నీళ్లు తేరితే కాఠిన్యం పోతుందని కొందరి నమ్మకం. తేరితే పోయేది క్లోరిన్. కాల్షియం ఎక్కడికీ పోదు.)

ఈసీ దగ్గర ఇంకో మోసం ఉంది. ఆయన లెట్యూస్ కోసం ద్రావణాన్ని 1.4కి కలిపారు. నీళ్లే 0.8 ఉంటే పోషకాలకు మిగిలింది 0.6. మీటరు 1.4 చూపిస్తుంది, మొక్క మాత్రం నత్రజని చాలక లేతాకుపచ్చగా నిలబడిపోతుంది. ఈసీ మీటరు నీళ్లలో ఉప్పుందని చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. సాఫ్ట్‌నర్ బిగించుకున్నా లాభం లేదు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది కాబట్టి జీహెచ్ సున్నాకు దగ్గరవుతుంది, ఈసీ, కేహెచ్ ఉన్నచోటే ఉంటాయి.

ఆయనకు నేను చెప్పింది 15 లీటర్ల ఆర్‌ఓ నీళ్లలో 5 లీటర్లు పాత నీళ్లు కలపమని. కేహెచ్ మూడున్నర చుక్కలకు, ఈసీ 0.2 దగ్గరకు వస్తాయి. ఆమ్లం 1.3 మిల్లీలీటర్లు చాలు, దానితో వచ్చే ఫాస్ఫరస్ 30. పోషకాలకు 1.2 చోటు దొరికింది. చేతి తొడుగులు, కళ్లజోడు పెట్టుకుని, ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. పోషకాలు 'ఏ', 'బీ' అని రెండు సీసాల్లో వస్తాయి. ముందు సగానికి పైగా ఆమ్లం, తర్వాత 'ఏ' పోసి బాగా కలిపి, ఆ తర్వాతే 'బీ'. రెండూ చిక్కగా కలిస్తే ఒకదానిలోని కాల్షియం రెండోదానిలోని సల్ఫేట్‌తో, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుగుకు చేరుతుంది. చివర్న పీహెచ్ కొలిచి మిగతా ఆమ్లం చుక్కచుక్కగా వేయాలి.

పొద్దున మళ్లీ ఎక్కితే? నైట్రేటు పీల్చుకునే వేర్లు కూడా పీహెచ్‌ని పైకి తోస్తాయి కాబట్టి నీళ్లనే అనుమానించనక్కర్లేదు. అదే ద్రావణం ఒక బకెట్‌లో మొక్క లేకుండా, గాలి పంపుతో ఒక రాత్రి వదిలి చూడండి. అదీ అంతే ఎక్కితే దోషం నీళ్లది. కదలకుండా ఉంటే వేర్ల పని.