గాలి కోసం తలెత్తితే కాళ్లు మునుగుతాయి

పిల్లలూ,

మొన్న ఆదివారం పూల్ గట్టున కూర్చుని మీ ఫ్రీస్టైల్ చూశాను. 25 మీటర్లు అందరూ ఈదేస్తున్నారు. కానీ అవతలి గోడ పట్టుకునేసరికి ఒక్కొక్కరికీ ఎంత ఆయాసమో! స్టామినా చాలడం లేదని మీరంటున్నారు. నాకలా అనిపించలేదు. మీరు నీళ్లలో గాలి వదలడం లేదు, అంతే.

ముఖం లోపలున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, నోరు పైకి రాగానే పాత గాలి వదిలి కొత్తది పీల్చాలని చూస్తున్నారు. ఆ కాస్త వ్యవధిలో రెండు పనులూ కావు. పాతది సగం లోపలే ఉండిపోతే కొత్తది ఎక్కడ పడుతుంది? ముఖం నీళ్లలోకి వెళ్లగానే ముక్కుతో, నోటితో సన్నగా బుడగలు వదలడం మొదలుపెట్టండి. తల తిప్పబోయే ముందు మిగిలింది గట్టిగా ఊదేయండి. పైకొచ్చాక పీల్చడం ఒక్కటే మిగలాలి.

ఇక చిన్నోడి సంగతి. వాడు కుడివైపు గాలి పీల్చుకున్న ప్రతిసారీ కాళ్లు కత్తెరలా విడిపోతున్నాయి. వాళ్ల నాన్న కిక్ బోర్డు ఇచ్చి అరగంట కాళ్లు కొట్టించాడు. బోర్డు మీద కిక్ బాగానే ఉంది, వదిలేస్తే మళ్లీ కత్తెరే! ఎందుకంటే తప్పు కాళ్లలో లేదు. వాడు గాలి కోసం తల పక్కకి తిప్పకుండా పైకి ఎత్తుతున్నాడు. తల లేస్తే నడుము కుంగుతుంది. ముందున్న ఎడమచేత్తో నీళ్లను కిందికి నొక్కి లేస్తున్నాడు. ఆ ఆసరా జారిపోగానే ఒళ్లు తూలుతుంది, పడిపోకుండా కాళ్లు వాటంతటవే చాచుకుంటాయి.

(మేం కాలవలో సొరకాయ బుర్ర కట్టుకుని, తల పైకెత్తే నేర్చుకున్నాం. కాలవకి అది చెల్లింది.)

అందుకని వాడితో ఇలా చేయించాను. ఎడమచెయ్యి ముందుకి చాచి, కుడిచెయ్యి తొడకి ఆనించి, పక్కకి ఒరిగి, ముఖం కిందికి పెట్టి ఆరు కిక్‌లు. తర్వాత తల తిప్పి పీల్చడం. ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి, చాచిన చెయ్యి కదలకూడదు. గాగుల్స్ రెండు అద్దాలూ పైకొచ్చాయంటే తల ఎత్తినట్టే. నాలుగోసారికి కాళ్లు దగ్గరే ఉన్నాయి.

పెద్దదానికి వేరే ఇబ్బంది. సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు పొట్ట కిందికి లాగుతోంది. తొడ నీళ్లను ముందుకి తోస్తుంటే బండికి బ్రేకు వేసినట్టే కదా. కదలిక తుంటి దగ్గర మొదలవ్వాలి, మోకాలు కొంచెమే వంగాలి, చీలమండ గుడ్డపీలికలా వదులుగా ఉండాలి. గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడించి చూడమ్మా. బొటనవేళ్లు ఒకదానికొకటి రాసుకుంటుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఊపిరి బిగబట్టే పందాలు వద్దు. నీటి అడుగున తెలివి తప్పితే పైనున్నవాళ్లకి తెలియదు.

ఆదివారం వస్తాను. 25 మీటర్లకి ఎన్ని చేతులు వేస్తున్నారో లెక్కపెడతాను. చిన్నోడికి మొన్న 31 పడ్డాయి.

మీ తాతయ్య