ఊరి నుంచి నెల రోజుల పని: అమెరికా ఉద్యోగుల్లో ఉన్న అపోహలు, వాస్తవాలు

అమెరికాలో హెచ్-1బి మీద పనిచేసే చాలామందికి ఏడాదికి దొరికే లీవ్ రెండు మూడు వారాలే. రానూపోనూ ప్రయాణానికే అందులో నాలుగు రోజులు పోతాయి. అందుకే నెలంతా లీవ్ పెట్టకుండా కొన్నాళ్లు లీవ్, మిగతా రోజులు ఊరి నుంచి పని అని అడిగేవాళ్లు పెరిగారు. ఇలాంటి అభ్యర్థనలు ఆగిపోయేది ఎక్కువగా మేనేజర్ మొండితనం వల్ల కాదు. ఎక్కడి నుంచి పని, ఏ గంటల్లో దొరుకుతారు, ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారు అన్నది అందులో లేకపోవడం వల్ల.

ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుందాం. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సొంతూరు అమలాపురం, సంక్రాంతికి వెళ్లాలి. 2027 జనవరి 4 సోమవారం నుంచి 29 శుక్రవారం దాకా ఊళ్లో ఉంటారు. 18వ తేదీ మార్టిన్ లూథర్ కింగ్ సెలవు పోను 19 పనిరోజులు. పండగ వారం, అంటే 11 నుంచి 15 దాకా, ఐదు రోజులు లీవ్. మిగిలిన 14 రోజులు పని.

అపోహ: మేనేజర్ సరే అంటే చాలు.

మేనేజర్ ఒప్పుకోగలిగేది పని పంపకానికి. దేశం దాటి పనిచేయడానికి హెచ్‌ఆర్, సమాచార భద్రత విభాగం, కొన్నిచోట్ల న్యాయ విభాగం కూడా ఒప్పుకోవాలి. వీటికి మించింది క్లయింట్ ఒప్పందం. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ ప్రాజెక్టుల ఒప్పందాల్లో డేటాను అమెరికా బయటి నుంచి తెరవకూడదని రాసి ఉండటం మామూలే. అలాంటి నిబంధన ఉంటే ఎంత మంచి మేనేజరైనా చేయగలిగింది ఉండదు. కాబట్టి టికెట్లు కొనకముందే, కనీసం ఆరు వారాల ముందు, ఒకే ప్రశ్న అడగండి: "నేను చూసే డేటాను, కోడ్‌ను ఇండియా నుంచి తెరవడానికి అనుమతి ఉందా?" కొంత పనికే అభ్యంతరం ఉంటే ఆ నెలకు ఆ భాగాన్ని ఇంకొకరికి అప్పగించి, మిగతాది మీరు చేస్తానని అడగవచ్చు. ఇలా విడదీసి అడిగితే, మొత్తంగా కాదనబోయేవాళ్లు కూడా ఒప్పుకునే అవకాశం ఉంది.

అపోహ: వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

తెలుస్తుంది. శుక్రవారం డాలస్ నుంచి లాగిన్ అయిన ఖాతా తర్వాత హైదరాబాద్ నుంచి కనబడితే భద్రతా వ్యవస్థ దానంతట అదే హెచ్చరిక పంపుతుంది. ఇంట్లో రౌటర్ పెట్టి అమెరికా చిరునామా చూపించినా, ఫోన్‌లో లాగిన్ ఆమోదం నొక్కిన చోటు వేరుగా పడవచ్చు. దొరికిపోతే అది లీవ్ తగాదాగా ఉండదు, భద్రతా నియమం ఉల్లంఘన అవుతుంది. ఉద్యోగం పోతే హెచ్-1బి కూడా దానితోపాటే కదులుతుంది. ఈ పని దయచేసి ఎవరూ చేయకండి.

అపోహ: ఎప్పుడు పిలిచినా పలుకుతానని రాస్తే త్వరగా ఒప్పుకుంటారు.

అభ్యర్థనను బలహీనపరిచేది ఈ మాటే. టైమ్ తేడా తెలిసిన మేనేజర్ దాన్ని నమ్మరు. నమ్మితే ఇంకా ప్రమాదం, ఊళ్లో తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మోగుతుంది.

లెక్క చూడండి. చలికాలంలో డాలస్ కంటే మనం పదకొండున్నర గంటలు ముందుంటాం. డాలస్‌లో ఉదయం 8 అంటే అమలాపురంలో రాత్రి 7:30. అక్కడ సాయంత్రం 5 అంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 4:30. అక్కడి తొమ్మిది గంటల దినచర్యను యథాతథంగా మోయబోతే మొదటి వారంలోనే ఒళ్లు హూనమవుతుంది. పగలు చుట్టాలు వస్తారు, రాత్రి మీటింగులు ఉంటాయి, నిద్రకు చోటుండదు.

నిలబడే ఏర్పాటు ఇలా ఉంటుంది. డాలస్ టైమ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా, ఆరు గంటలు, కచ్చితంగా ఆన్‌లైన్. మన టైమ్‌లో అది సాయంత్రం 6:30 నుంచి రాత్రి 12:30. మిగిలిన రెండు గంటలు ఊళ్లో సాయంత్రం 4 నుంచి 6 దాకా, మీటింగులు లేకుండా. ఆ టైమ్‌లో డాలస్‌లో వాళ్లు నిద్రలో ఉంటారు కాబట్టి, లేచి చూసేసరికి రివ్యూ చేయాల్సిన కోడ్ సిద్ధంగా ఉంటుంది. మొత్తం ఎనిమిది గంటలు. రోజుకు ఆరు గంటలు నేరుగా దొరుకుతున్నారంటే టీమ్ పని ఆగదు.

గంటల్ని ఎప్పుడూ అమెరికా టైమ్‌లోనే రాయండి, పక్కన మన టైమ్ ఇవ్వండి. దీనికి కారణం ఉంది. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట మారతాయి, ఇక్కడ మారవు. ప్రయాణం ఆ తేదీల మీదుగా సాగితే మన టైమ్‌లో రాసిన గంటలు తప్పిపోతాయి. మార్చిలో మారాక తేడా పదిన్నర గంటలే, కాబట్టి ఊళ్లో డ్యూటీ ఒక గంట ముందే మొదలవుతుంది.

ఇంకో చిక్కు వారాంతంలో వస్తుంది. డాలస్ శుక్రవారం పని మనకు శుక్రవారం అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. సోమవారం పగలంతా మనకు ఖాళీ, ఎందుకంటే అక్కడ ఇంకా ఆదివారం రాత్రే. పెళ్లిచూపులు, బ్యాంకు పని, రిజిస్ట్రేషన్ ఆఫీసు పని లాంటివి సోమవారం పగలు పెట్టుకుంటే లీవ్ ఖర్చు కాదు. శుక్రవారం రాత్రి పెళ్లి భోజనానికి వస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకండి.

ఆన్-కాల్ వంతు ఆ నెలలో పడుతుంటే ముందే ఎవరితోనైనా మార్చుకుని, ఆ పేరు మెయిల్‌లో రాయండి. మీ గంటలు దాటాక ఏదైనా పడిపోతే ఎవర్ని పిలవాలన్నది కూడా రాయాలి. క్యాలెండర్‌లో పనిగంటలు మార్చి, లీవ్ రోజుల్ని వేరుగా గుర్తు పెట్టండి. పండగ వారంలో "లీవే గానీ మెసేజ్ చూస్తాను" అని రాస్తే ఆ ఐదు రోజులూ పనిరోజులైపోతాయి, లీవ్ మాత్రం ఖర్చవుతుంది. లీవ్ అంటే లీవని రాయండి.

అపోహ: నెల రోజులే కాబట్టి ఇండియాలో పన్ను ప్రశ్నే రాదు.

సాధారణంగా కట్టాల్సి రాదు, కానీ కారణం చాలామంది అనుకునేది కాదు. నాన్ రెసిడెంట్ అయినంత మాత్రాన ఈ జీతం పన్ను బయట పడదు. ఇండియాలో కూర్చుని చేసిన పనికి వచ్చే జీతం ఇండియాలో వచ్చిన ఆదాయమే అని మన చట్టం అంటుంది, డబ్బు అమెరికా ఖాతాలో పడినా సరే. మినహాయింపు ఇచ్చేది భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 16వ అధికరణం. అమెరికాలో పన్ను రెసిడెంట్ అయినవాళ్లకు అది మూడు షరతులు పెడుతుంది. ఆ పన్ను సంవత్సరంలో ఇండియాలో ఉన్న రోజులు 183 దాటకూడదు. జీతం ఇచ్చే యజమాని ఇండియా రెసిడెంట్ కాకూడదు. ఆ జీతం ఖర్చును యజమానికి ఇండియాలో ఉన్న శాఖ లేదా వ్యాపారం భరించకూడదు.

మొదటి రెండూ తేలికే. తేడా వచ్చేది మూడోదానితో. కంపెనీకి హైదరాబాద్‌లో శాఖ ఉండి, ఆ నెల మీ జీతాన్ని దాని ఖాతాకు మళ్లిస్తే మినహాయింపు చేజారుతుంది. కాబట్టి "జీతం అమెరికా పేరోల్ నుంచే వస్తుంది, ఇండియా యూనిట్‌కు ఖర్చు మళ్లించరు" అని హెచ్‌ఆర్ చేత మెయిల్‌లో చెప్పించుకోండి. ఒప్పందాలు కుదిర్చే సేల్స్ ఉద్యోగులకైతే కంపెనీలు గట్టిగా కాదంటాయి. వాళ్ల పని వల్ల కంపెనీకే ఇండియాలో పన్ను బాధ్యత పుట్టవచ్చన్నది ఆ భయం. అది అర్థం లేని భయం కాదు.

హెచ్-1బి గురించి కూడా ఒక మాట. ఇండియా నుంచి పనిచేస్తే వీసా చెడిపోతుందన్నది నిజం కాదు, అది అమెరికాలో చేసే పనికి సంబంధించిన అనుమతి. పైగా బయట గడిపిన పూర్తి రోజుల్ని ఆరేళ్ల పరిమితిలో తిరిగి కలపమని అడగవచ్చు. బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్టు ముద్రలు దాచుకోండి.

అపోహ: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా నెట్ ఉంటుంది.

ఇన్వర్టర్ మీ రౌటర్‌ను బతికిస్తుంది. వీధి చివర కేబుల్ ఆపరేటర్ దగ్గరున్న పరికరాలకు బ్యాకప్ లేకపోతే లైన్ అక్కడే చచ్చిపోతుంది. ఫైబర్ పెట్టె మీద LOS అనే ఎర్రలైటు వెలిగితే సిగ్నల్ అసలు రావట్లేదని అర్థం, తీగ తెగి ఉండాలి లేదా ఆపరేటర్ వైపు పరికరం ఆగి ఉండాలి. రౌటర్ ఆపి వేసినా లాభం లేదు, వెంటనే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారాలి. అది ఫైబర్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరే నెట్‌వర్క్ సిమ్ కావాలి. ఊరు చేరిన రోజే, లేదా ముందే ఇంట్లోవాళ్ల చేత, రాత్రి 8 నుంచి 10 మధ్య వీడియో కాల్ పెట్టి చూడండి. అందరూ ఫోన్లు చూసే ఆ టైమ్‌లోనే మీ మీటింగులు ఉంటాయి.

రిమోట్ డెస్క్‌టాప్ మీద పనిచేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అమెరికా సర్వర్ దాకా వెళ్లిరావడానికి పావు సెకను దాకా పడుతుంది, నెట్ ఎంత వేగంగా ఉన్నా దూరం తగ్గదు. టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా కనబడుతుంది. పనులకు పట్టే టైమ్ లెక్క వేసేటప్పుడు దీన్నీ కలుపుకోండి.

అపోహ: వచ్చినప్పుడు వీసా స్టాంపింగ్ కూడా చేయించుకుంటే ఒకే ప్రయాణంలో అయిపోతుంది.

అవ్వచ్చు. ఆగిపోవచ్చు కూడా. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి దరఖాస్తుదారుల సోషల్ మీడియా పరిశీలన మొదలయ్యాక, ఇండియాలో చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. ఇంటర్వ్యూ అయ్యాక 221(g) కింద కేసు పెండింగులో పడితే ఎప్పుడు తేలుతుందో చెప్పలేరు. కంపెనీ ఇచ్చిన అనుమతి మాత్రం 29వ తేదీతో ముగుస్తుంది. ఆ తర్వాత పని ఆపి జీతం లేని లీవ్‌లో ఉండమనవచ్చు.

కాబట్టి స్టాంపింగ్ ఉంటే అభ్యర్థనలోనే ఆ సంగతి చెప్పి ఈ వాక్యం చేర్చండి: "వీసా ఆలస్యమైతే 29 తర్వాత మరో నాలుగు వారాలు ఇవే గంటల్లో పని కొనసాగించే అవకాశం ఉందా, లేకపోతే ఆ రోజుల్ని ఏ లీవ్ కింద చూపాలి?" జవాబు మెయిల్‌లో వచ్చాకే స్టాంపింగ్ స్లాట్ బుక్ చేయండి. జవాబు కాదనైతే, ఇప్పటి స్టాంప్‌కు గడువు ఉన్నప్పుడే వెళ్లి రండి.