బస్టాండ్‌లో ఎంతసేపు ఆగాలి?

హన్మకొండ బస్టాండ్ నుంచి కాజీపేటకు సరిగ్గా 20 నిమిషాలకో బస్సు ఉందనుకుందాం. మీరు టైం చూసుకోకుండా, పని అయిపోగానే అక్కడికి వచ్చారు. ముందు బస్సు ఎప్పుడు పోయిందో తెలియదు. అప్పుడు మీరు ఆగాల్సిన సమయం 0 నుంచి 20 నిమిషాల మధ్య ఎంతైనా కావచ్చు. అందులో ఏ నిమిషానికీ మిగతా వాటి కంటే ఎక్కువ అవకాశం లేదు. గణితంలో దీన్ని ఏకరూప విభాజనం అంటారు.

గ్రాఫు గీస్తే 0 నుంచి 20 వరకు ఒకే ఎత్తులో సాగే గీత వస్తుంది. దాని కింద వైశాల్యం మొత్తం 1 కావాలి కాబట్టి ఎత్తు 1/20. సంభావ్యత అంటే ఆ గీత కింద మనకు కావాల్సిన ముక్క వైశాల్యమే. 5 నిమిషాల్లోపు బస్సు దొరికే సంభావ్యత 5/20, అంటే పావు వంతు. 12 నుంచి 15 నిమిషాల మధ్య దొరకాలంటే 3/20. మరి ఒక్క క్షణం కూడా అటూ ఇటూ కాకుండా, సరిగ్గా 7 నిమిషాలకే రావాలంటే? సున్నా. వెడల్పు లేని ముక్కకు వైశాల్యం ఉండదు కదా. అందుకే ఇక్కడ ఎప్పుడూ ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా అనే అడగాలి.

సగటున ఆగాల్సింది 10 నిమిషాలు, సరిగ్గా మధ్యలో. కానీ ఆ సగటును ఎంతవరకు నమ్ముకోవచ్చో విస్తృతి చెబుతుంది. ఆగే సమయం 10కి ఎంత దూరంలో ఉందో చూస్తే, ఆ దూరం 0 నుంచి 10 దాకా సమానంగా పరుచుకుని ఉంటుంది. ఆ దూరాల వర్గాల సగటే విస్తృతి. అది 100/3, అంటే దాదాపు 33.3. ఏకరూప విభాజనం విస్తృతికి ఉన్న సూత్రంలో వేసినా అంతే:

(20 − 0)² / 12 ≈ 33.3

దీని వర్గమూలం సుమారు 5.8 నిమిషాలు. సగటే 10 అయినప్పుడు ఇది చిన్న తేడా కాదు.

ఇదంతా బస్సులు సమానమైన ఎడంతో నడిస్తేనే. ట్రాఫిక్‌లో ఒకటి ఆలస్యమై, బస్సులు ఒకసారి 10 నిమిషాలకు, ఇంకోసారి 30 నిమిషాలకు మారి మారి వస్తున్నాయనుకోండి. గంటకు వచ్చేవి ఇప్పటికీ మూడు బస్సులే, సగటు ఎడం 20 నిమిషాలే. కానీ ప్రతి 40 నిమిషాల్లో 30 నిమిషాలు పెద్ద ఎడానివే కాబట్టి, మీరు అందులోనే చిక్కుకునే సంభావ్యత ముప్పావు వంతు. అక్కడ సగటున 15 నిమిషాలు ఆగాలి, చిన్న ఎడంలో 5. రెండూ కలిపితే:

15 × 3/4 + 5 × 1/4 = 12.5

బస్సుల సంఖ్య తగ్గకుండానే ఎదురుచూపు రెండున్నర నిమిషాలు పెరిగింది. విచిత్రమేమిటంటే, 5 నిమిషాల్లోపు బస్సు దొరికే అవకాశం ఇప్పటికీ పావు వంతే, 10 నిమిషాల్లోపు దొరికేది సగమే. త్వరగా బస్సు దొరికిన రోజుల్ని చూస్తే తేడా అసలు కనబడదు. పది నిమిషాలు దాటాకే బయటపడుతుంది. మొదటి లెక్క ప్రకారం 20 నిమిషాలు దాటి ఆగడం జరగనే కూడదు, ఇక్కడ మాత్రం నాలుగింట ఒకసారి అంతకంటే ఎక్కువే నిలబడాలి.