16 బిట్, 64 బిట్: గేమ్ కన్సోల్ పెట్టెల మీద ఆ అంకె దేన్ని కొలిచింది?

1993 నవంబరులో అమెరికాలో అటారీ కంపెనీ జాగ్వార్ అనే గేమ్ కన్సోల్ దించింది. ప్రకటనల్లో ప్రధానంగా చెప్పింది ఒకటే: మాది 64 బిట్, పక్కవాళ్లది 16 బిట్, లెక్క మీరే వేసుకోండి. చదివినవాళ్లు నిజంగానే లెక్క వేసుకున్నారు, నాలుగు రెట్లు అనుకున్నారు. అయితే జాగ్వార్ మూత తీసి చూస్తే లోపల మోటరోలా 68000 అనే ప్రాసెసర్ ఉంటుంది. ఐదేళ్ల ముందు సెగా కంపెనీ తన మెగా డ్రైవ్‌లో పెట్టి, పెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో 16 బిట్ అని రాసుకున్నది సరిగ్గా ఆ ప్రాసెసర్‌నే చూపించి. ఒకే చిప్ ఒక చోట 16, ఇంకో చోట 64 ఎలా అవుతుంది? ఆ అంకె కన్సోల్ మొత్తాన్ని ఎప్పుడూ కొలవలేదు కాబట్టి. లోపల ఏదో ఒక భాగాన్ని కొలిచేది. ఏ భాగం అన్నది అమ్మేవాడి ఇష్టం.

ముందు అసలు బిట్ల వెడల్పు వల్ల ఏం ఒరుగుతుందో చూద్దాం, ఎందుకంటే అందులో నిజం లేకపోలేదు. నింటెండో మొదటి కన్సోల్ ఫామికామ్‌ది 8 బిట్ ప్రాసెసర్. అది ఒక్కసారికి 0 నుంచి 255 దాకా ఉన్న సంఖ్యనే పట్టుకోగలదు. ఆటలో బొమ్మ 300వ చుక్క దగ్గర ఉంది, ఇంకో 500 చుక్కలు ముందుకు జరగాలి అనుకోండి. 300 అంటే ఒక 256, పైన 44. 500 అంటే ఒక 256, పైన 244. ప్రాసెసర్ ముందు 44, 244 కూడుతుంది, 288 వస్తుంది, అది పట్టదు కాబట్టి 32 ఉంచుకుని ఒకటి పక్కకు మోస్తుంది. తర్వాత పై భాగాలు రెండూ, మోసుకొచ్చిన ఒకటీ కూడి 3 అంటుంది. మూడు 256లు, పైన 32, మొత్తం 800. మనం బళ్లో చేతిలెక్క చేసినట్టే, రెండు విడతల్లో. 16 బిట్ ప్రాసెసర్‌కి అదే ఒక్క విడత పని. తెర మీద పదుల కొద్దీ బొమ్మలు కదులుతున్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. కాబట్టి 8 నుంచి 16కి వెళ్లినప్పుడు లాభం నిజమైనదే.

చిక్కు ఎక్కడొస్తుందంటే ఒక ప్రాసెసర్‌లోనే కొలవదగ్గ వెడల్పులు కనీసం మూడు ఉంటాయి: సంఖ్యలు పెట్టుకునే రిజిస్టర్ల వెడల్పు, కూడికలు చేసే భాగం వెడల్పు, మెమరీ నుంచి డేటా వచ్చే దారి వెడల్పు. ఈ మూడూ ఒకటే కానక్కర్లేదు. 68000నే తీసుకోండి, దాని రిజిస్టర్లు 32 బిట్లవి, డేటా దారి 16, కూడిక యూనిట్ కూడా 16. రుజువు కావాలంటే దాని మాన్యువల్‌లో సమయాల పట్టిక చూడొచ్చు, రెండు రిజిస్టర్లలోని 16 బిట్ల సంఖ్యలు కూడటానికి 4 క్లాక్ సైకిళ్లు, అదే 32 బిట్లవైతే 8. లోపల రెండు విడతల్లో చేస్తోందన్నమాట. సెగా 32 అని రాసుకోకుండా 16 అనడం, నా దృష్టిలో, ఈ కథ మొత్తంలో చాలా నిజాయితీ గల లేబుల్.

మిగతావాళ్లు అలా లేరు. ఎన్‌ఈసీ, హడ్సన్ కలిసి 1987లో జపాన్‌లో పీసీ ఇంజిన్ తెచ్చారు, దాని ప్రధాన ప్రాసెసర్ 8 బిట్‌ది, బొమ్మలు గీసే చిప్‌లు 16 బిట్‌వి. 1989లో అమెరికాకి తీసుకెళ్లేటప్పుడు పేరే మార్చి టర్బోగ్రాఫిక్స్ 16 అన్నారు. అటు సూపర్ నింటెండో ప్రాసెసర్ లోపల 16 బిట్లే, కానీ మెమరీ నుంచి డేటా వచ్చే దారి మాత్రం 8 బిట్లే. పెట్టెల మీద చూస్తే మూడూ 16 బిట్ కన్సోళ్లే.

మళ్లీ జాగ్వార్‌కి వద్దాం. అందులో 68000తో పాటు టామ్, జెర్రీ అని రెండు పెద్ద చిప్‌లున్నాయి. టామ్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్, జెర్రీలో సౌండ్ ప్రాసెసర్, రెండూ 32 బిట్‌వి. మరి 64 ఎక్కడ? మెమరీకీ టామ్‌కీ మధ్య డేటా దారి 64 బిట్లు, టామ్‌లోనే ఉన్న బ్లిట్టర్, ఆబ్జెక్ట్ ప్రాసెసర్ అనే బొమ్మల యూనిట్లు 64 బిట్లు. అంటే అటారీ అబద్ధం చెప్పలేదు, యంత్రంలో అన్నిటికంటే వెడల్పైన భాగాన్ని చూపించింది.

ఆ వెడల్పు ఎప్పుడు పనికొస్తుందన్నదే అసలు విషయం. ఒక చుక్కకి 16 బిట్లైతే 64 బిట్ల దారిలో ఒకేసారి నాలుగు చుక్కలు వెళ్తాయి. ఒకే రంగు ఛాయ మెల్లగా మారే నున్నటి త్రిభుజాలను జాగ్వార్ అలా నాలుగేసి చుక్కల చొప్పున నింపగలదు. దాంతో పాటు ఇచ్చిన సైబర్‌మార్ఫ్ ఆటలో కొండలూ విమానాలూ అలా నున్నగా, బొమ్మ అతికించకుండా ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. అదే గోడ మీద ఇటుకల బొమ్మ అతికించాలంటే (టెక్స్చర్ అంటారు) ఒక్కో చుక్క రంగునీ మెమరీలో వేరే వేరే చోట్ల నుంచి తేవాలి, అప్పుడు బ్లిట్టర్ ఒక్కో చుక్కే చేస్తుంది, నాలుగు వరసల రోడ్డు మీద ఒక్క సైకిల్ పోతున్నట్టు. దురదృష్టం ఏంటంటే సరిగ్గా ఆ ఏళ్లలోనే 3డీ ఆటలన్నీ టెక్స్చర్ వైపు మళ్లాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కి సొంత మెమరీ 4 కిలోబైట్లే, దానికి రాయడం కష్టం, 68000 మాత్రం అందరికీ అలవాటైనది. అందుకని చాలామంది ఆట మొత్తాన్నీ దాని మీదే నడిపేశారు. అది 16 బిట్ల చొప్పున అందుకుంటూ అదే ఉమ్మడి దారిని ఆపి ఉంచేది, 64లో మిగతా 48 ఖాళీ.

1996లో నింటెండో 64 వచ్చింది. ఇక్కడ తమాషాగా లెక్క తిరగబడింది. దాని ప్రాసెసర్ నిజంగానే 64 బిట్‌ది, ఎన్‌ఈసీ తయారు చేసిన వీఆర్4300, వేగం 93.75 మెగాహెర్ట్జ్. కానీ దాని నుంచి బయటికి వెళ్లే డేటా దారి 32 బిట్లు. జాగ్వార్‌లో దారి వెడల్పు, ప్రాసెసర్లు ఇరుకు. ఇక్కడ ప్రాసెసర్ వెడల్పు, దారి ఇరుకు. పెట్టె మీద అంకె ఒకటే.

పైగా ఆ 64 బిట్ల శక్తిని ఆటలు రాసేవాళ్లు పెద్దగా వాడలేదు. కన్సోల్‌లో ఉన్నది 4 మెగాబైట్ల మెమరీ, అందులో ఏ బైటు చిరునామా చెప్పడానికైనా 22 బిట్లు చాలు. ప్రతి చిరునామానీ 64 బిట్లతో దాచుకుంటే చోటు రెట్టింపు పట్టడం తప్ప వచ్చేదేం లేదు. అందుకే ప్రోగ్రాములు ఎక్కువగా 32 బిట్ల పద్ధతిలోనే రాశారు. ఆ యంత్రం బాగా పనిచేసిందంటే దానికి కారణం క్లాక్ వేగం, ప్రత్యేకమైన గ్రాఫిక్స్ చిప్. బిట్ల అంకె కాదు. 32 బిట్ ప్లేస్టేషన్ దానికి మూడు రెట్లు అమ్ముడుపోయింది, సీడీలో పట్టే ఆటలు చౌకగా, పెద్దగా ఉండటం అందులో పెద్ద కారణం. ఏ బిట్ లెక్కలోకీ రాని విషయం అది.

తర్వాత 1998లో డ్రీమ్‌కాస్ట్‌ని 128 బిట్ అన్నారు. దాని ప్రాసెసర్ 32 బిట్‌దే, ఒకేసారి నాలుగు 32 బిట్ల దశాంశ సంఖ్యల మీద పనిచేసే గణిత భాగం ఒకటి ఉంది, ఆ నాలుగునీ కలిపి 128 చేశారు. ఇలా కలుపుకుంటూ పోతే ఏ అంకైనా వస్తుంది. చివరికి 2001లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వచ్చింది. అందులో ఉన్నది అప్పటి పీసీల్లో వాడే పెంటియం 3 రకం, 733 మెగాహెర్ట్జ్, 32 బిట్ ప్రాసెసర్. ఆ తరంలో అన్నిటికంటే బలమైన కన్సోళ్లలో అదొకటి, దాన్ని బిట్ల అంకెతో అమ్మాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.